యాటకూర, డీజే, ముహూర్తం: ఆడపిల్లోళ్ల సరదా పత్రిక వెనక కథ

ముహూర్తాలు మొదలైతే చాలు, పాలమూరు, నల్లగొండ వైపు వాట్సాప్ గ్రూపుల్లో పెండ్లి పత్రికల మీద పంచాయితీ మళ్లీ లేస్తుంది. ఈసారీ లేచింది. వధువు తరఫు వాళ్లు యాసలో రాసి పంపే సరదా ఆహ్వానాల మీదే గొడవంతా. ‘పొద్దుగాల్నే రాండ్రి, నల్లిబొక్క ముందొచ్చినోళ్లకే’, ‘డ్యాన్స్ రానోళ్లు కూడ ఎగరాలె, మా చిన్నాయిన ఎగురుతలేడా’, ‘పంతంగి టోల్‌గేటు కాడ ఉన్నమని ఫోన్ జేసెటోళ్లు గంట ముందే బయలెల్లుండ్రి’ లాంటి మాటలు వాటిలో ఉంటాయి. పత్రిక అంటే దేవుని దగ్గర పెట్టి మొక్కేదని, దాంట్లో ఎకసెక్కాలేందని పెద్దలు కొందరు, ముఖ్యంగా మగపిల్లవాని తరఫువాళ్లు కోపం చేస్తున్నారు.

ఆ కోపం అర్థం కానిదేమీ కాదు. ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’తో మొదలై ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి’ అని ముగిసే పత్రికనే వాళ్లు చూస్తూ వచ్చారు. అయితే ఒక సంగతి గమనించాలి. తిండి, ఆట, వేళ: ఈ పత్రికల్లోని ఛలోక్తులన్నీ దాదాపుగా ఈ మూడింటి చుట్టే తిరుగుతాయి. పెండ్లిలో ఆడపిల్ల తల్లిదండ్రులు మాట పడే చోట్లు కూడా సరిగ్గా ఈ మూడే. కూర సరిపోకపోతే మాట వాళ్లకు. డీజే ఆపమంటే మాట వాళ్లకు. మగపెళ్లివారు ఆలస్యంగా వచ్చి ముహూర్తం జారినా, ‘ఎదుర్కోళ్లు సరిగ్గ చెయ్యలే’ అని మాట మళ్లీ వాళ్లకే.

ఇదంతా ఒక్కసారిగా బయటపడింది 2023 చివర్లో. నిజామాబాద్ జిల్లా అమ్మాయికి, జగిత్యాల అబ్బాయికి నిశ్చితార్థం. ఆడపిల్ల ఇంట్లో మాంసం భోజనం పెట్టారు. వడ్డించిన మటన్‌లో నల్లిబొక్క లేదని మగపిల్లవాని బంధువులు అడిగారు. వండలేదని వీళ్లు చెప్పారు. మాటా మాటా పెరిగింది. పోలీసులు కూడా సర్దిచెప్పజూశారు, కుదరలేదు. తమను అవమానించారంటూ అబ్బాయి తరఫువాళ్లే సంబంధం వద్దనుకున్నారు. దేశమంతా ఆ వార్త చదివి నవ్వుకుంది. ఆడపిల్లలున్న ఇండ్లలో మాత్రం అది నవ్వుకునే వార్త కాదు.

లెక్క వేస్తే వాళ్ల భయం ఎంత న్యాయమో తెలుస్తుంది. ఒక యాటకు నాలుగు కాళ్లు. కాలికి మూలుగ నిండుగా ఉండే బొక్కలు రెండు. ఒక్కోదాన్ని రెండు ముక్కలుగా కొట్టినా యాటకు పదహారు వస్తాయి. మనిషికి నూటయాభై గ్రాముల మాంసం లెక్కన 500 మందికి 75 కిలోలు కావాలి. పది, పదకొండు కిలోల మాంసం పడే యాటలైతే ఏడు. అంటే నల్లి ముక్కలు 112. నలుగురైదుగురిలో ఒక్కరికి తగులుతుంది, మిగతావాళ్లకు తగలదు. గరిటె పట్టినవాడు ఎంత న్యాయంగా వడ్డించినా ఇంతే. ఈ మాట పెండ్లిరోజు పంక్తిలో చెబితే వియ్యాలవారి మీద తగువు పెట్టుకున్నట్టే. అదే పదిహేను రోజుల ముందు ‘నల్లిబొక్క ముందొచ్చినోళ్లకే’ అని నవ్వుతూ రాస్తే అందరికీ ముందే తెలిసిన షరతు అవుతుంది. అందుకే ఆ వాక్యాన్ని నేను జోకుగా చూడను. తలవంచుకుని నిలబడాల్సిన పక్షం తనకు తాను రాసుకున్న రక్షణ అది.

వేళ సంగతీ ఇంతే. ముహూర్తం 11 గంటల 20 నిమిషాలకు అనుకుందాం. జీలకర్ర బెల్లం ఆ ఘడియకే పెట్టాలి. విడిది నుంచి ఫంక్షన్ హాలుకు నడిస్తే పది నిమిషాలు. డీజే బండి ముందు తీన్మార్ ఆడుకుంటూ వస్తే గంటన్నర. పది గంటలకు కదిలినా వాకిట్లోకి వచ్చేసరికి ముహూర్తం దాటుతుంది, ఆ తరువాతే ఎదుర్కోళ్లు. ఈలోగా పన్నెండింటి కోసం దించిన బగారన్నం చల్లారిపోతుంది, కూర మళ్లీ పొయ్యెక్కుతుంది. దూరపు చుట్టాలు ముహూర్తం చూడకుండానే తిని కట్నాలు చదివించి బస్సెక్కుతారు. ‘నడిస్తే పది నిమిషాలు, ఎగురుకుంటొస్తే గంటన్నర, లెక్క చూసుకొని కదులుండ్రి’ అని పత్రికలో రాస్తే ఎవరినీ పేరు పెట్టి అనకుండానే విషయం చేరుతుంది. రాత్రి బరాత్‌కు కూడా ఒక గీత ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు, లౌడ్‌స్పీకర్లు బంద్. ‘పదింటికి డీజే బంద్, ఆ తరువాత మా అమ్మమ్మ పాటలే’ అన్న వాక్యం అక్కడి నుంచి వచ్చిందే. పోలీసు బండి వచ్చినాక ఆపమనే బాధ అమ్మాయి తండ్రికి తప్పుతుంది.

ఈ హాస్యం కొత్తగా పుట్టిందని విమర్శించేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. పిలుపు అంటే ఇక్కడ ఎప్పుడూ కాగితం కాదు. ఇంటి ఆడవాళ్లు గడపగడపకు పోయి బొట్టుపెట్టి, ‘రెండొద్దులు మీ పొయ్యి ముట్టియ్యకుండ్రి, పిల్లాజెల్లా అందరు రావాలె’ అని వరుసను బట్టి ఆట పట్టించి పిలిచేవారు. బావ వరుసైతే ఒక మాట, వదినైతే ఒక మాట. పత్రిక గంభీరంగా ఉన్నా ఫరక్ పడలేదు, నవ్వు నోటిమాటలో ఉండేది. 2020లో కరోనా నిబంధనలు పెండ్లికి 50 మందికి మించొద్దన్నప్పుడు బొట్టుపెట్టి పిలవడం ఆగి, పిలుపు ఫోన్లోకి చేరింది. తరువాత ఆంక్షలు పోయినా హైదరాబాద్‌లో, బొంబాయిలో, పూణెలో ఉన్న చుట్టాలకు ఫోన్ పిలుపే మిగిలింది. నోటితో అనే మాట రాతలోకి వచ్చింది.

అంతకుముందు కూడా చాలా కార్డుల అడుగున ‘మా పిన్ని పెండ్లికి తప్పకుండా రండి’ అని చిన్నపిల్లల పేర్లతో ఒక వరుస ఉండేది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఇప్పటి సరదా మాటలనూ చాలా ఇండ్లలో మేనకోడండ్లు, మేనల్లుళ్ల పేరుమీదే రాస్తున్నారు.

అన్ని పత్రికలూ ఒక్క తీరుగా లేవన్నది కూడా నిజమే. గొడవ ఎక్కడ పుడుతుందో వాక్యం చూస్తే పట్టుకోవచ్చు. ‘మా చిన్నాయిన ఎగురుడు మొదలుపెడితే ఆగడు, ముందు వరుసల కూసోకుండ్రి’ అంటే హాస్యం సొంతింటి మీద పడింది. ‘పెండ్లికొడుకు దోస్తులు డీజే ఆపితేనే ముహూర్తం’ అంటే అవతలి ఇంటి మీద పడింది. విషయం ఒకటే అయినా రెండోది చదివిన పెండ్లికొడుకు మేనత్తకు కోపం రాక మానదు. తిండి విషయంలో కూడా ‘ముందొచ్చినోళ్లకు నల్లి’ అనడం వేరు, ‘ఆలస్యమైతే అన్నం లేదు’ అనడం వేరు. పెండ్లి పిలుపులో అన్నం లేదన్న మాట ఇక్కడ ఎవరూ పడరు.

అందుకే తెలిసినవాళ్లు రెండుగా చేస్తున్నారు. తిథి, నక్షత్రం, చి.ల.సౌ.తో ఉండే పత్రికను పాత పద్ధతిలోనే అచ్చు వేయించి పసుపు పెట్టి దేవుని దగ్గర ఉంచుతారు. పురోహితుడు రాసే లగ్నపత్రిక జోలికి ఎవరూ పోరు. సరదా పిలుపు వేరుగా, ఫోన్ కోసమే తయారవుతుంది. పంపేముందు వియ్యపురాలికి ఒకసారి వినిపిస్తారు. ఆమె తిండి మాటకు, వేళ మాటకు సాధారణంగా అడ్డు చెప్పదు. అభ్యంతరమంతా డీజే వాక్యం మీదే, ఎందుకంటే ఆ బండి కిరాయి కట్టేది వాళ్లు. ఇప్పుడు గ్రూపుల్లో తిరుగుతున్న తగువు కూడా చాలామటుకు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగి ఉంది.