బరువులు, బీపీ, బిగపట్టిన ఊపిరి: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరకు మోకాలి నొప్పితోనో నడుము నొప్పితోనో వచ్చేవారిలో చాలామంది అప్పటికే బీపీ మాత్ర వాడుతుంటారు. వ్యాయామం మొదలుపెట్టించే ముందు వారితో మాట్లాడితే, నడక గురించి ఉండవలసిన దానికంటే ఎక్కువ భయం, బరువులు ఎత్తే పద్ధతి గురించి ఉండవలసిన దానికంటే తక్కువ జాగ్రత్త కనిపిస్తాయి. నేను తరచుగా వినే మాటల్లో కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను. మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే మిగిలినవి చాలావరకు దాని నుంచే పుట్టుకొస్తాయి.

అపోహ: "సెట్ కాగానే బీపీ చూసుకున్నాను, మామూలుగానే ఉంది. కాబట్టి ఈ బరువు నాకు సరిపోతుంది."

ఈ మాట నాతో అన్నది మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేసే 51 ఏళ్ల వ్యక్తి. ఆయన రోజూ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటారు, కూర్చున్నప్పుడు ఆయన బీపీ 138/86 ఉంది. కొడుకుతో కలిసి జిమ్‌లో చేరి నాలుగు నెలలైంది. బల్ల మీద వెల్లకిలా పడుకుని 50 కిలోల రాడ్ ఎత్తుతున్నారు. రాడ్‌ను స్టాండు మీద పెట్టి లేచి కూర్చోగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయని ఆయన ఫిర్యాదు. మనిషి పద్దు రాయడంలో ఘనుడు కాబట్టి, ఇంట్లోని బీపీ మిషన్‌ను జిమ్‌కు తీసుకువెళ్లి ప్రతి సెట్ తర్వాత చూసిన అంకెలను చిన్న పుస్తకంలో రాసుకుని మరీ తెచ్చారు. ఆ అంకెల్లో ఏదీ 150 దాటలేదు.

వాస్తవం: ఆ పుస్తకంలోని అంకెలు తప్పు కావు, కానీ అవి బరువు ఎత్తుతున్నప్పటి అంకెలు కావు. చేతికి పట్టీ చుట్టుకుని, అది గాలితో నిండి, మెల్లగా వదిలి, అంకె చూపించేసరికి అర నిమిషానికి పైనే పడుతుంది. బరువు వల్ల పెరిగిన రక్తపోటు చివరి ఎత్తు పూర్తయిన కొద్ది సెకన్లలోనే కిందికి దిగిపోతుంది. మిషన్ చూసేది తుపాను వెళ్లిపోయిన తర్వాతి ఆకాశాన్ని మాత్రమే. అసలు అంకె తెలియాలంటే ధమనిలోకి సన్నని గొట్టం పెట్టి కొలవాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సాధన చేసిన అయిదుగురు బాడీబిల్డర్లలో అలాగే కొలిచి 1985లో ఫలితాలు ప్రచురించారు. రెండు కాళ్లతో భారీ బరువును నెట్టే వ్యాయామంలో వారి రక్తపోటు సగటున 320/250కి చేరింది. ఒకరిలో 480/350 నమోదైంది. వారు బీపీ రోగులు కారన్నది, ఎత్తినవి చాలా పెద్ద బరువులన్నది గుర్తుంచుకోవాలి. అయినా, ఎత్తే క్షణానికీ ఎత్తిన తర్వాతి నిమిషానికీ మధ్య ఎంత తేడా ఉండగలదో ఆ అంకెలు చెబుతాయి.

అంతగా పెరగడానికి రెండు కారణాలు కలుస్తాయి. గట్టిగా బిగిసిన కండరం తనలో నుంచి వెళ్లే రక్తనాళాలను నొక్కేస్తుంది, దానితో గుండె మరింత ఒత్తిడితో రక్తాన్ని నెట్టవలసి వస్తుంది. దానికి తోడు ఊపిరి బిగబట్టి ముక్కితే ఛాతీలో పెరిగిన ఒత్తిడి నేరుగా ధమనుల్లోని ఒత్తిడికి చేరుతుంది. దీనిని వల్సాల్వా ప్రక్రియ అంటారు. ఇటలీకి చెందిన వల్సాల్వా దీనిని 1704లో చెవి గురించి రాసిన గ్రంథంలో వర్ణించాడు కానీ, బరువులతో ఆయనకు పని లేదు. ముక్కడం కొన్ని సెకన్లు కొనసాగితే ఛాతీలోని ఒత్తిడి వల్ల గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి పోటు పడిపోవడం మొదలవుతుంది. ఊపిరి వదలగానే ఒక్క క్షణం ఇంకా పడి, ఆ వెంటనే మళ్లీ ఎగస్తుంది. కళ్లు బైర్లు కమ్మేది ఆ పడిపోయే క్షణంలోనే.

అయితే కళ్లు తిరగడానికి ఇదొక్కటే కారణమని నేను ముందే తేల్చేయలేదు. ఆయనను చూసే డాక్టరు దగ్గరకు పంపాను. అక్కడ ఈసీజీ తీశారు, లేచి నిలబడిన తర్వాత ఒకటో నిమిషంలోనూ మూడో నిమిషంలోనూ బీపీ చూశారు, మందు వల్ల నిలబడగానే పోటు పడిపోవడం లేదని నిర్ధారించుకున్నారు. ఆ తర్వాతే ఆయన ఎత్తే తీరును నా ఎదుట చూపించమన్నాను.

"ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతున్నారా?" అని అడిగితే, "వదులుతూనే ఉన్నానండీ" అన్నారు. అయితే ప్రతి ఎత్తుకూ అంకెను పైకి పలకమన్నాను. ఒకటి, రెండు స్పష్టంగా వినిపించాయి. మూడు గొంతులోనే ఉండిపోయింది. నాలుగుకు బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి, రాడ్ పట్టుకున్న వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. అయిదు, ఆరు అసలు పలకనే లేదు, రాడ్ స్టాండుకు తగిలిన తర్వాత మాత్రం "హుఫ్" అని పెద్ద శబ్దం వచ్చింది. మాట బయటికి వస్తుంటే గొంతు తెరుచుకునే ఉంటుంది, గొంతు మూసుకుంటే మాట ఆగిపోతుంది. ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు, ఏ పరికరమూ అక్కరలేదు.

బరువును 30 కిలోలకు దించాం. పైకి నెట్టేటప్పుడు అంకె పలుకుతూ గాలి వదలడం, కిందికి దించేటప్పుడు ముక్కుతో పీల్చడం నేర్పించాను. మొదట్లో ఆయన దీనిని తలకిందులుగా చేసేవారు, అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. పన్నెండు ఎత్తులకు ఆగాలి, ఆగేసరికి ఇంకో మూడు ఎత్తగల శక్తి మిగిలి ఉండాలి. ఒంట్లో శక్తి అయిపోయేదాకా చేస్తే చివరి రెండు మూడు ఎత్తుల్లో ఎవరికైనా ఊపిరి తనంతట తానే బిగుసుకుంటుంది. పోటు అన్నింటికంటే ఎక్కువగా పెరిగేదీ అక్కడే. సెట్‌కూ సెట్‌కూ మధ్య రెండు నిమిషాలు ఆగాలి. సెట్ తర్వాత నాలుగైదు ఊపిర్లు పడుకునే ఉండి, తర్వాత లేచి కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, ఆ తర్వాతే నిలబడాలి. రాడ్‌ను జారిపోనంత పట్టుకుంటే చాలు, పిడికిలిని అంతకంటే బిగిస్తే అది కూడా పోటును పెంచుతుంది. ఆ తర్వాత ఆయనకు కళ్లు తిరగలేదు. కొడుకు స్నేహితుల ముందు 30 కిలోలే ఎత్తడం మాత్రం కొన్నాళ్లు ఆయనకు నామోషీగా ఉండేది.

అపోహ: "ఊపిరి బిగబడితేనే వెన్నుకు రక్షణ అని ట్రైనర్ చెప్పాడు."

వాస్తవం: ఈ మాటలో నిజం ఉంది, అందుకే దీనిని కాదనడం కష్టం. ఊపిరి నింపి పొట్ట బిగిస్తే నడుము స్తంభంలా గట్టిపడుతుంది, పోటీల్లో భారీ బరువులు ఎత్తేవారు కావాలనే అలా చేస్తారు. తన గరిష్ఠ శక్తిలో సుమారు 80 శాతం దాటిన బరువును ఎత్తేటప్పుడు ఎవరికీ ఊపిరి బిగబట్టక తప్పదు కూడా. కానీ దీని అర్థం బీపీ ఉన్నవారు ఊపిరి బిగబట్టాలని కాదు, అంత బరువు జోలికి పోకూడదని. తేలిక బరువుకు పొట్టను కొద్దిగా లోపలికి బిగించి, పెదవులను సున్నాలా చుట్టి గాలి వదులుతూ ఎత్తితే నడుముకు కావలసినంత ఆసరా దొరుకుతుంది.

అపోహ: "బీపీ ఉంది కాబట్టి బరువుల జోలికే పోను, నడక చాలు."

వాస్తవం: నడకదే మొదటి స్థానం, అందులో సందేహం లేదు. కానీ బరువులు మానేశామనుకునేవారు ఇంట్లో ఎత్తేవాటిని లెక్కలోకి తీసుకోరు. నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు ఉంటుంది, నీళ్ల క్యాన్ 20 కిలోలు, బియ్యం బస్తా 25 కిలోలు. పళ్లు బిగించి, ఊపిరి ఆపి స్కూటర్‌ను సెంటర్ స్టాండు వేసే మనిషి జిమ్‌లోని తప్పునే ఇంటి గుమ్మం ముందు చేస్తున్నాడు. మలబద్ధకంతో ముక్కడమూ ఇదే కోవలోకి వస్తుంది. బీపీ అదుపులో ఉన్నవారు వారానికి రెండు మూడు రోజులు తేలిక బరువులతో సరైన ఊపిరి అలవాటు చేసుకుంటే, ఆ అలవాటే సిలిండర్ దగ్గరా పనికి వస్తుంది. తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా వాల్చిన బల్ల మీద చేసే వ్యాయామాలను మాత్రం నేను ఎవరికీ ఇవ్వను.

అపోహ: "నడిచేటప్పుడు బీపీ పెరుగుతుంది, కాబట్టి నెమ్మదిగానే నడవాలి."

వాస్తవం: చురుకైన నడకలో పై అంకె పెరిగే మాట నిజమే. కానీ కాళ్ల కండరాల్లోని రక్తనాళాలు విప్పారడం వల్ల కింది అంకె దాదాపు అలాగే ఉంటుంది, కొందరిలో కాస్త తగ్గుతుంది కూడా. నడక ఆపిన తర్వాత చాలా గంటలపాటు బీపీ మామూలు కంటే కొంచెం తక్కువగా ఉంటుంది. అందుకే వారంలో అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాలు నడవమంటాం. వేగాన్ని మాటతోనే కొలుచుకోవాలి: పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాడి లెక్కపెట్టే సూత్రాలను అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారు నమ్ముకోకూడదు. ఆ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి, లెక్క ప్రకారం నాడిని పెంచాలని చూస్తే శక్తికి మించి నడుస్తారు.

మొదటి అయిదు నిమిషాలు, చివరి అయిదు నుంచి పది నిమిషాలు నెమ్మదిగా నడవాలి. ఎన్టీఆర్ స్టేడియంలో వేగంగా చుట్లు కొట్టి, ఒక్కసారిగా ఆగి, ఇడ్లీ బండి దగ్గర కదలకుండా నిలబడేవారిని చూస్తుంటాను. విప్పారిన నాళాల వల్ల రక్తం కాళ్లలోనే నిలిచి తల తిరిగేది అప్పుడే. మే నెలలో ఇక్కడి ఎండలకు తెల్లవారుజామునే నడక ముగించాలి, మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్ర వాడేవారికి ఇది మరీ ముఖ్యం.

బరువుల రోజున ఇంటి దగ్గరే అయిదు నిమిషాలు కూర్చున్న తర్వాత బీపీ చూసుకోవాలి. 160/100 దాటితే ఆ రోజు బరువులు వద్దు, మరో రోజు కూడా అలాగే ఉంటే డాక్టరును కలవాలి. 180/110 దాటితే ఏ వ్యాయామమూ చేయకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. వ్యాయామం మధ్యలో ఛాతీ పట్టేసినట్లున్నా, ఎన్నడూ లేనంత తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి లేదా కాలు బలహీనపడినా బీపీ మిషన్ కోసం వెతకకుండా ముందు 108కి ఫోన్ చేయాలి.