ప్లేస్కూల్లో చేరిన మూడేళ్ల పిల్లల నిద్ర: అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బడులు తెరిచిన రెండు మూడు వారాలకు పిల్లల వైద్యుడిగా నేను తరచుగా వినే మాట ఒకటుంది: "పాప బడి నుంచి వచ్చేటప్పటికి వాడిపోయి ఉంటోంది, మధ్యాహ్నం సరిగ్గా పడుకోదు, సాయంత్రం అయిదున్నర దాటితే ప్రతిదానికీ ఏడుపే." ఈ మధ్య ఇదే మాటతో వచ్చిన మూడేళ్ల రెండు నెలల పాప విషయం ఇక్కడ చెబుతాను.

అపోహ: బడిలో అలసిపోయిన బిడ్డ రాత్రి తనంతట తానే ఎక్కువ నిద్రపోతుంది.

వాస్తవం: అలసట వేరు, నిద్రకు సమయం దొరకడం వేరు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. ఈ పాప బడికి ముందు రాత్రి 10 గంటలకు పడుకుని ఉదయం 8కి లేచేది, మధ్యాహ్నం 2 గంటలు నిద్రపోయేది. మొత్తం 12 గంటలు. బడిలో చేరాక 6.45కే లేపుతున్నారు గానీ, పడుకునే వేళ మాత్రం పదే. వాళ్ల నాన్న తొమ్మిదింటికి ఇల్లు చేరాక ఆయనతో ఆడుకుంటేనే పడుకుంటుందట. రాత్రి నిద్ర 8 గంటల 45 నిమిషాలు, వ్యాన్‌లో 15 నిమిషాల కునుకు, ఇంట్లో 40 నిమిషాలు, అన్నీ కలిపినా 9 గంటల 40 నిమిషాలే. పప్పన్నంలో నెయ్యి అమ్మ వేసిందని, తాను వేసుకోవాల్సిందని అరగంట ఏడ్చిన పాపది మొండితనం కాదు. రోజూ రెండు గంటలకు పైగా నిద్ర తగ్గిపోతున్న బిడ్డ చికాకు అలాగే ఉంటుంది. నిద్ర చాలని పెద్దవాళ్లు మగతగా ఉంటారు, పసిపిల్లలు చాలాసార్లు ఇంకా హుషారుగా గెంతుతారు. రాత్రి తొమ్మిదింటికి కనిపించే ఆ హుషారు చూసి "దీనికి ఇంకా నిద్ర రావడం లేదు" అనుకుని తల్లిదండ్రులు మోసపోతారు.

అపోహ: పగటి నిద్ర తగ్గిందంటే అది మానేసే వయసు వచ్చినట్టే.

వాస్తవం: కొందరు మూడేళ్లకే మానేస్తారు, కొందరు అయిదేళ్ల దాకా పడుకుంటారు. అయితే బడిలో చేరిన వారంలోనే నిద్ర తగ్గితే ముందుగా చూడాల్సింది వయసును కాదు, దారిలో తీసే కునుకును. మెలకువగా ఉన్నంతసేపూ నిద్ర అవసరం పేరుకుంటూ ఉంటుంది. వ్యాన్‌లోనో స్కూటర్ మీదనో పట్టే పది, పదిహేను నిమిషాల కునుకు దాన్ని కొంత తీర్చేస్తుంది. అందుకే ఇంటికి వచ్చి అన్నం తిన్నాక బిడ్డకు వెంటనే నిద్ర రాదు, వచ్చినా నిలవదు. ఈ పాపను కొన్ని రోజులపాటు అమ్మమ్మ వెళ్లి దారంతా కబుర్లు చెబుతూ తీసుకువచ్చారు. అన్నం పెట్టి 1.15కు చీకటి గదిలో పడుకోబెడితే 2.30 దాకా నిద్రపోయింది. అంతకంటే పొడిగించనక్కర్లేదు. మధ్యాహ్నం మూడు, మూడున్నర దాటాక పడుకునే నిద్ర రాత్రి నిద్రను వెనక్కి నెడుతుంది కనుక, సాయంత్రం ఆరింటికి సోఫాలో జోగుతున్న బిడ్డను అలాగే వదిలేయడం కంటే త్వరగా స్నానం చేయించి, అన్నం పెట్టి, రాత్రికే పడుకోబెట్టడం మేలు.

అపోహ: రాత్రి పెందలాడే పడుకోబెడితే తెల్లవారుజామునే లేచి కూర్చుంటుంది.

వాస్తవం: నిద్ర బాకీ ఉన్న బిడ్డ పెందలాడే పడుకుంటే సాధారణంగా రాత్రి నిద్ర పొడవవుతుంది. ఇబ్బంది వచ్చేది తొందరపడినప్పుడు. రోజూ పడుకునే వేళకు ముందటి గంటా రెండు గంటల్లో శరీర గడియారం బిడ్డను బాగా మేల్కొలిపి ఉంచుతుంది. పదింటికి అలవాటు పడిన బిడ్డను ఒక్కసారిగా ఎనిమిదింటికి పడుకోబెడితే మంచం మీద గంటసేపు దొర్లుతుంది. అందుకే పడుకునే వేళను రెండు రోజులకు ఒకసారి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపమన్నాను. రెండు వారాల్లో అది పది నుంచి 8.15కు వచ్చింది. రాత్రి భోజనం 7కే, ఆ తర్వాత టీవీ, ఫోన్ లేవు, గదిలో చిన్న దీపం మాత్రమే. ఉదయం లేవగానే బాల్కనీలో వెలుతురు తగిలేలా పది నిమిషాలు కూర్చోబెట్టడం కూడా గడియారాన్ని ముందుకు జరుపుతుంది. ఇప్పుడు రాత్రి నిద్ర పదిన్నర గంటలు, పగటి నిద్ర గంటం పావు, మొత్తం 11 గంటల 45 నిమిషాలు. ఇందులో కష్టమంతా నాన్నదే. ఆయన రాత్రి ఆటను వదులుకుని ఉదయం స్నానం చేయించి బడికి తయారుచేసే పని తీసుకున్నారు. ఉమ్మడి కుటుంబంలో ఇది ఇంకా కష్టమని నాకు తెలుసు, అయినా ముందు మారాల్సింది పెద్దవాళ్ల వేళలే.

అపోహ: అలసటంతా బడి వల్లనే, అలవాటైతే పోతుంది.

వాస్తవం: చాలామందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటుంది, మధ్యలో జలుబు చేస్తే మళ్లీ కొన్ని రోజులు చెదరడమూ మామూలే. కానీ జలుబు లేనప్పుడు కూడా చాలా రాత్రులు గురక పెట్టడం, నోటితో గాలి పీల్చడం, నిద్రలో క్షణాలపాటు ఊపిరి ఆగినట్టు అనిపించడం ఉంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, గొంతులోని టాన్సిల్స్ వాచాయేమో పరీక్ష చేయించాలి. అన్నం తక్కువ తిని రోజుకు అర లీటరుకు మించి పాలు తాగే బిడ్డ పాలిపోయి కనిపిస్తే రక్తహీనత ఉందేమో చూడాలి. అలాంటి అలసట పడుకునే వేళ మార్చినంత మాత్రాన తీరదు.