బూజుపట్టిన మేత నుంచి ఐఎన్ఆర్ చీటీ దాకా

1933 ఫిబ్రవరిలో ఓ శనివారం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుపానులో ట్రక్కు నడుపుకుంటూ సుమారు 300 కిలోమీటర్లు వెళ్లి, జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల దగ్గర ఆగాడు. ట్రక్కులో చచ్చిన పెయ్య, పాల క్యానులో గడ్డకట్టని రక్తం, పశువులు తిన్న మేత. స్వీట్ క్లోవర్ అనే గడ్డి బూజుపడితే, అది తిన్న పశువులు నెత్తురు కారి చచ్చిపోయేవి.

ఆ మేతలో ఉన్న విషాన్ని లింక్ బృందం 1939లో వేరుచేసింది. దాని వరసలోదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల్లో రక్తం గడ్డకట్టకుండా చూసే మందైంది. ఆ విషానికి విరుగుడు విటమిన్ కె. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ల తయారీకి కాలేయానికి ఆ విటమిన్ కావాలి. వాడిన విటమిన్ మళ్లీ పనికొచ్చేలా మారకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. అంటే కంచంలోని తోటకూరకూ, ఈ మాత్రకూ రోజూ లాగుడుపోటీయే.

ఆ పోటీని కొలిచే రక్తపరీక్ష లెక్కే ఐఎన్ఆర్. అది పెరిగేకొద్దీ రక్తం నెమ్మదిగా గడ్డకడుతోందని అర్థం. ఒకే రక్తానికి ఒక్కో ల్యాబ్ ఒక్కో ఫలితం ఇస్తుండటంతో, 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉమ్మడి లెక్కను తెచ్చింది. మందు వాడనివారికి ఇది 1 దగ్గర ఉంటుంది.

మన దగ్గర రుమాటిక్ జ్వరంతో గుండె వాల్వు పాడై, లోహపు మైట్రల్ వాల్వు వేయించుకున్నవాళ్లు ఎందరో. రక్తం గడ్డకట్టకుండా చూసే కొత్త మందులు వాళ్లకు పనికిరావు, వార్ఫరిన్ లాంటి పాతవే గతి. వాళ్ల ఐఎన్ఆర్ లక్ష్యం సాధారణంగా 2.5 నుంచి 3.5. అలాంటి ఒకావిడను అనుకుందాం. రోజూ 5 మి.గ్రా. వేసుకుంటూ, వారానికి రెండుసార్లు ఆకుకూర పప్పు తింటే ఐఎన్ఆర్ 2.8. కూతురింటికి వెళ్లి పదిహేను రోజులు రోజూ మునగాకు, పాలకూర తింది: 1.9. వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం. డాక్టరు వారం మోతాదును 35 నుంచి 37.5 మి.గ్రా. చేశారు. భయపడి ఆవిడ ఆకుకూరలు పూర్తిగా మానేసింది: 4.2. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. మందూ కూరా రెండూ ఒకేసారి అటూ ఇటూ జరిగాయి మరి! "ఆకుకూరలు మానెయ్" అనే సలహా నాకెప్పుడూ నచ్చదు. ఎప్పుడూ తినేంతే తింటూ ఉండాలి, ఆ లెక్కకే డాక్టరు మోతాదు సరిచేస్తారు. నిలకడగా ఉన్నప్పుడు నెలకోసారి పరీక్ష చాలు. మోతాదో, తిండో, వేరే మందో మారితే వారం, రెండు వారాల్లోపే చేయించుకోవాలి.

మాత్ర మరిచిపోతే? ఆరోజే గుర్తొస్తే వేసుకోవచ్చు. తెల్లవారితే వదిలేయాలి, రెండు కలిపి మింగకూడదు. రక్తంలో ముందే తయారై ఉన్న ప్రొటీన్లు తరిగేందుకు రోజులు పడుతుంది కాబట్టి, ఈరోజు తప్పు రెండు మూడు రోజులకు గాని చీటీలో కనిపించదు. పొరపాటున ఎక్కువ మింగినా అంతే. వెంటనే ఏమీ తెలియదు, అందుకే ఆరోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ, విపరీతమైన తలనొప్పి ఉంటే ఫోన్ కూడా కాదు, నేరుగా ఆసుపత్రికే. మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా అంతే. అది మెదడులో రక్తపు గడ్డ కావచ్చు.

ఆవిడ ఇప్పుడు మాత్ర వేసుకోగానే వంటింటి క్యాలెండరులో ఆ తేదీ మీద టిక్కు పెడుతోంది.