సీటులో మనిషా, బస్తానా? బెల్టు బీప్ వెనక యాభై ఏళ్ల పేచీ

ముందు సీటులో బియ్యం బస్తా పెట్టుకుని బయలుదేరితే చాలా కార్లు బెల్టు పెట్టమని మొత్తుకుంటాయి. ఆ పోరు పడలేక చాలామంది బస్తాకే బెల్టు పెట్టేస్తారు. సీటులో ఉన్నది మనిషో కాదో తేల్చుకోలేని ఈ ఇబ్బంది కార్లకు ఇప్పటిది కాదు. ఒకసారి అమెరికాలో ఇది చట్టాన్నే మార్చేసింది.

అక్కడ 1972 నుంచి కొత్త కార్లలో బెల్టు లైటు, దాంతోపాటు కనీసం నిమిషం మోగే బజర్ వచ్చాయి. జనం బెల్టును ముందే బిగించేసి దాని మీద కూర్చోవడం మొదలుపెట్టారు. దానికి విరుగుడుగా 1974 మోడల్ కార్లలో ఇంటర్‌లాక్ పెట్టారు. ముందు కూర్చోవాలి, తర్వాత బెల్టు పెట్టుకోవాలి, అప్పుడే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. వరుస తప్పితే స్టార్ట్ కాదు. ఆలోచన తెలివైనదే. కానీ సీటు కింది సెన్సర్‌కు బరువు తప్ప ఇంకేమీ తెలియదు. పక్క సీటులో కుక్క కూర్చున్నా, సరుకుల సంచి పెట్టినా కారు కదలనని మొండికేసేది. జనం కోపం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. 1974 అక్టోబర్ 27న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టం ఇంటర్‌లాక్‌ను తప్పనిసరి చేయకూడదంది. బజర్ కూడా 8 సెకన్లకు మించి మోగాలని ప్రభుత్వం అడగకూడదంది. ఆ 8 సెకన్ల గీత 2012 దాకా చెరగలేదు.

అయితే గీత ప్రభుత్వానికే తప్ప కంపెనీలకు కాదు. 2000 మోడల్ నుంచి ఫోర్డ్ కంపెనీ (ఆ అధ్యక్షుడికీ దీనికీ చుట్టరికం లేదు) తనంతట తానే ఇంకో గంట జోడించింది. చట్టం అడిగిన గంట ఆగాక కూడా బెల్టు పెట్టకపోతే 6 సెకన్లు మోగి, 30 సెకన్లు ఆగి, మళ్లీ మోగుతుంది. ఇలా ఐదు నిమిషాల దాకా. ఇది ఉన్న కార్లలో 76 శాతం డ్రైవర్లు బెల్టు పెట్టుకున్నారనీ, లేని కార్లలో 71 శాతమేననీ ఒక పరిశీలనలో తేలింది. కారును ఆపడం కన్నా విసిగించడమే మేలని అప్పుడు అర్థమైంది.

ఇప్పటి కార్లలో పక్క సీటు సెన్సర్ చాలావరకు పల్చటి ప్లాస్టిక్ చాప. సీటు కవరుకూ ఫోమ్‌కూ మధ్య ఉంటుంది. రెండు పొరల మధ్య అక్కడక్కడా చిన్న ఖాళీలు ఉంటాయి. బరువు పడితే పొరలు ఆనుకుని కరెంటు పారుతుంది. మనిషి కూర్చుంటే బరువు తొడలకు రెండు వైపులా పడుతుంది కాబట్టి కొన్ని డిజైన్లు కుడి ఎడమ రెండూ నొక్కుకుంటేనే మనిషి ఉన్నట్టు లెక్కిస్తాయి. ఒక మూల ఆనిన హ్యాండ్‌బ్యాగ్‌ను ఇది పట్టించుకోదు. సీటంతా పరుచుకున్న బియ్యం బస్తా మాత్రం దీని కంటికి మనిషే. పరిమితి పెంచితే బస్తా తప్పించుకుంటుంది కానీ బక్కపలచటి మనిషి కూడా తప్పించుకుంటాడు. అందుకే అనవసరంగా మోగినా ఫర్వాలేదని తయారీదారులు పరిమితిని తక్కువగానే ఉంచుతారు.

ఖాళీ సీటుకే మోగుతుంటే సీటును ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. అలా జరిపినప్పుడు మోత వచ్చి పోతుంటే సీటు కింది వైరింగ్‌ను అనుమానించాలి. ఎప్పుడూ ఒకేలా మోగితే చాప ముడత పడి ఉండవచ్చు, లేదా బిగుతైన సీటు కవరు నొక్కుతూ ఉండవచ్చు. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు.

మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు డ్రైవర్, పక్క సీట్ల రిమైండర్ తప్పనిసరి. 1972 నాటి ఉపాయం కూడా వెంటనే దిగింది, ఈసారి బెల్టుకు బదులు బకిల్‌లో దూర్చే క్లిప్పు రూపంలో. బకిల్‌లోని స్విచ్‌కు లోపలికి ఏదో ఇనుప నాలుక వచ్చిందని మాత్రమే తెలుస్తుంది, ఆ నాలుక వెనక బెల్టు ఉందో లేదో తెలియదు. సెన్సర్ మనిషి ఉన్నాడంటుంది, బకిల్ బెల్టు పెట్టారంటుంది, కారు ఊరుకుంటుంది. 2023లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశాలతో ఐదు ఆన్‌లైన్ అంగళ్లు ఈ క్లిప్పుల లిస్టింగులు 13,118 తొలగించాయి.

వెనక సీటు కథ వేరు. 2022 సెప్టెంబర్‌లో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో వెనక సీటులో ఉన్న సైరస్ మిస్త్రీ మరణించాక కేంద్రం వెనక సీట్ల రిమైండర్‌కు ముసాయిదా తెచ్చింది. కానీ వెనక మడిచే సీట్లు, పిల్లల సీట్లు, సామాన్లు అన్నీ ఉంటాయి. అందుకే యూరప్ తదితర దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 16వ నిబంధన వెనక మనిషిని గుర్తించి తీరాలని పట్టుబట్టదు. ప్రయాణం మొదట్లో బెల్టు లేని సీట్లను లైటుతో చూపించాలి, దారిలో ఎవరైనా బెల్టు తీసేస్తే శబ్దం చేయాలి. ఆ లెక్కన పెట్టుకున్న బెల్టు తీసినవాడికి గంట మోగుతుంది. అసలు పెట్టుకోనే పెట్టుకోని వాడికి, డ్రైవర్ ముందు కనీసం ఒక నిమిషం వెలిగే చిన్న లైటుతో సరి.