నౌపడ ఉప్పు, కెల్ప్ మాత్ర, కడుపులో బిడ్డ

శ్రీకాకుళంలో మాది చిన్న మందుల షాపు. మూడో నెల గర్భంతో ఉన్న ఒకావిడ ఓ డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టింది. ఆన్‌లైన్‌లో కొన్న కెల్ప్ మాత్రలు. "థైరాయిడ్ కాస్త ఎక్కువుందన్నారు అన్నయ్యా. ఇది సముద్రపు నాచే కదేటి, మంచిదేనా?" అని అడిగింది. అప్పటికే నెలరోజులుగా రోజుకు రెండు వేసుకుంటోంది.

మంచిది కాదని చెప్పడం తేలికే. ఎందుకు కాదో చెప్పడానికి ముందు వాళ్లింట్లో ఉప్పు ఏదని అడిగాను. నౌపడ మడుల నుంచి వచ్చే కల్లుప్పని చెప్పింది. థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారుచేసేది అయోడిన్‌తోనే. సముద్రం పక్కనే ఉన్నాం కాబట్టి మనకు అయోడిన్‌కి కొదవ ఉండదని ఈ జిల్లాలో చాలామంది నమ్ముతారు. లెక్క వేస్తే ఆ నమ్మకం నిలవదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అయోడిన్ మాత్రం 60 మైక్రోగ్రాముల దాకానే. అదంతా ఉప్పులోనే మిగిలిందనుకున్నా, పది గ్రాముల కల్లుప్పులో 17 మైక్రోగ్రాములకు మించదు. నిజానికి మడిలో ఉప్పు తీశాక మిగిలే చేదునీటితో చాలా భాగం పోతుంది. అయోడైజ్డ్ ఉప్పు ప్యాకెట్‌లో మాత్రం, కొనేవాళ్ల చేతికి వచ్చేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలన్నది మన దేశంలో నియమం. మామూలు పెద్దవాళ్లకు రోజుకు 150 చాలు. గర్భిణికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తల్లి గ్రంథి హార్మోన్‌ను దాదాపు ఒకటిన్నర రెట్లు తయారుచేయాలి, మూత్రంలో పోయే అయోడిన్ కూడా పెరుగుతుంది, బిడ్డ వాటా వేరే ఉంటుంది.

అంటే ఆమెకు అయోడిన్ తక్కువై ఉండే అవకాశం నిజంగానే ఉంది. చిక్కంతా ఆమె ఎంచుకున్న మందుతోనే. కెల్ప్ అయోడిన్‌ను విపరీతంగా పీల్చుకుంటుంది, ఎంత అన్నది మాత్రం నాచు జాతిని బట్టి, పెరిగిన చోటును బట్టి మారిపోతుంది. 2009లో అమెరికాలో గర్భిణుల విటమిన్ మాత్రలను పరీక్షించినప్పుడు, కెల్ప్ వాడిన రకాల్లో రోజు మోతాదుకు 33 మైక్రోగ్రాముల నుంచి 610 దాకా కనిపించింది. ఆవిడ డబ్బా మీద మాత్రకు 500 మిల్లీగ్రాముల కెల్ప్ అని రాసుంది కానీ, అయోడిన్ ఎంతో లేదు. ఆ పొడిలో గ్రాముకు 1,500 మైక్రోగ్రాములు ఉన్నాయనుకుందాం, కెల్ప్‌కి అది వింత అంకె కాదు. రెండు మాత్రలకు 1,500 అయ్యాయి. గర్భిణికి అన్ని రకాలుగా కలిపి 500 దాటితే అదనపు మేలేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఎక్కువైతే ఏమవుతుంది? వుల్ఫ్, చైకాఫ్ అనే ఇద్దరు 1948లో ఎలుకల్లో ఒక వింత చూశారు. అయోడిన్ ఒక్కసారిగా ముంచెత్తితే థైరాయిడ్ హార్మోన్ తయారీని ఆపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కొన్ని రోజుల్లో గ్రంథి లోపలికి వచ్చే అయోడిన్‌ను తగ్గించుకుని మళ్లీ పని మొదలుపెడుతుంది. మన దగ్గర హైపోథైరాయిడ్‌కి, అంటే హార్మోన్ తక్కువవడానికి, తరచూ కారణమయ్యే హషిమోటో జబ్బులో, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథిని తినేసే జబ్బులో, ఈ కోలుకోవడం సరిగ్గా జరగదు. హార్మోన్ తగ్గినప్పుడు గ్రంథిని పనిచేయమని తల నుంచి వచ్చే సంకేతమే టీఎస్‌హెచ్, థైరాయిడ్ ఎక్కువుందని జనం అనేది దీన్నే. అందుకే అయోడిన్ మాత్ర వేసుకుంటే అలాంటి వాళ్లకు టీఎస్‌హెచ్ తగ్గకపోగా పెరగొచ్చు.

కడుపులో బిడ్డది ఇంకా కష్టం. దాని గ్రంథి సుమారు పదకొండో వారం నుంచి అయోడిన్ పట్టడం నేర్చుకుంటుంది, కానీ ముంచెత్తినప్పుడు తలుపు మూసుకోవడం నెలలు నిండే దాకా, దాదాపు 36 వారాల దాకా రాదు. తల్లి రక్తపరీక్ష బాగానే ఉన్నా బిడ్డ మెడలో గ్రంథి ఉబ్బి, హార్మోన్ లేకుండా పుట్టవచ్చు. నాచు సూపు ఎక్కువగా తాగే కొరియా, జపాన్ తల్లుల బిడ్డల్లో ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

ఆవిడని ఆ మాత్రలు ఆపి డాక్టరును కలవమన్నాను. మూత్రంలో అయోడిన్ పరీక్ష చేయిస్తే తెలుస్తుందా అని అడిగింది. ఒక్కసారి ఇచ్చిన శాంపిల్‌తో ఒక మనిషి సంగతి తేలదు, రోజు రోజుకీ మారుతుంది. అది ఊరి మొత్తం లెక్కకి పనికొచ్చే పరీక్ష. టీఎస్‌హెచ్ 4.8 నుంచి 9.6కి వెళ్లిందని తర్వాత రిపోర్టు చూపించింది. డాక్టరు థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర మొదలుపెట్టారు. పొద్దున్నే పరగడుపున దాన్ని వేసుకుని, ఐరన్ మాత్రకు నాలుగు గంటలు ఎడం పాటించమన్నాను. చాలామంది ఆ రెండూ కలిపి మింగి, మందు పనిచేయడం లేదంటారు. అయోడిన్ కోసం ఇంట్లో ఉప్పు మార్చారు. ఐరన్, ఫోలిక్ మాత్రలో అయోడిన్ ఉండదు కాబట్టి, పొటాషియం అయోడైడ్ రూపంలో 150 మైక్రోగ్రాములు ఉన్న విటమిన్ మాత్రను డాక్టరే రాశారు. ఇందులో లేబుల్ అంకెకీ లోపలి అంకెకీ అంత దూరం ఉండదు.

ఐదో నెల స్కానింగులో బిడ్డ మెడ దగ్గర వాపేమీ కనిపించలేదు. పుట్టిన మూడో రోజు మడమ నుంచి రక్తపు చుక్క తీసి టీఎస్‌హెచ్ చూశారు, మామూలుగానే ఉంది. కల్లుప్పు మాత్రం ఇప్పటికీ వాళ్లింట్లో ఉందట, ఆవకాయలోకి.