ఉద్దెర చీటీలో 'పండగ అయిపోగానే' అంటే ఏ రోజు?

బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్లో 22 ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను. ఉద్దెర అడుగుతూ చిన్న దుకాణదారులు పంపే చీటీలు ముందు నా చేతికే వస్తాయి. నూటికి తొంభై చీటీల్లో ఒకటే మాట: 'డబ్బులు తొందర్లో సర్దుతాను.'

అపోహ: గడువు ఎంత దగ్గరగా చెబితే సేటు అంత తొందరగా సరుకిస్తాడు.

వాస్తవం: సేటుకి కావాల్సింది దగ్గరి తారీఖు కాదు, తప్పని తారీఖు. ఆయనా మిల్లుకి గడువు మీద కట్టాల్సినవాడే. మీరు ఫిబ్రవరి 10 అంటే ఆ డబ్బు లెక్కలోంచి తీసేసి వేరే చోట సర్దుకుంటాడు. జనవరి 20 అని చెప్పి ఇవ్వకపోతే మిల్లు దగ్గర ఆయన మాట పోతుంది. ఆ కోపం మీ తర్వాతి ఆర్డరు మీద పడుతుంది.

కొన్నేళ్ల కిందట నిజాంపేట వైపు దుకాణం ఉన్న ఒకాయన సంక్రాంతి సరుకు పట్టుకెళ్లాడు. బెల్లం, నువ్వులు, శనగపిండి, నూనె డబ్బాలు కలిపి 60 వేలు. చీటీలో 'పండగ అయిపోగానే ఇస్తాను' అని ఉంది. నేనూ చూసీ చూడనట్టు పద్దులో ఎక్కించేశాను. 17వ తారీఖున మా కుర్రాడు వెళ్తే షట్టరు దించి ఉంది. మనిషి ఊరెళ్లాడు. అతని కాలనీలో సగం మంది కూడా ఊళ్లకే వెళ్లారు. సాయంత్రానికల్లా బజార్లో 'పారిపోయాడట' అన్న పుకారు. ఎవరు పుట్టిస్తారో ఇలాంటివి! పాపం, వారం తర్వాత వచ్చి, గల్లాలో 20 వేలు కూడా లేవని నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సేటు చేత తిట్లు తిన్నది మాత్రం నేను.

మరుసటి ఏడు చీటీ రాసేముందు ఇద్దరం కూర్చున్నాం. 'అన్నా, నీకు డబ్బు ఏ రోజుల్లో వస్తుంది?' అని అడిగాను. 60 వేల సరుకులో సుమారు 40 వేలది పండగ ముందే రొక్కానికి పోతుందన్నాడు. అందులో పాలు, బ్రెడ్డు వాళ్లకి రోజూ ఇవ్వడానికి 5 వేలు పక్కన పెట్టాలి. మిగతా 20 వేల సరుకు కాలనీవాళ్ల ఖాతాల్లోకి వెళ్తుంది. ఆ బాకీలు జీతాలు పడ్డాక, అంటే ఫిబ్రవరి మొదటి వారంలోగానీ రావు. జనవరి 20కి కట్టమంటే అతను మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు? చివరికి ఇలా రాశాడు:

'సేట్ గారికి నమస్కారం. కింది జాబితాలోని సరుకు, సుమారు 60,000 రూపాయలది, డిసెంబర్ 28న ఉద్దెర మీద ఇప్పించగలరు. నా పాత బాకీ 4,200 ఈ చీటీతోపాటే పంపుతున్నాను. కొత్త బిల్లులో 35,000 జనవరి 12న, మిగిలినది ఫిబ్రవరి 10న దుకాణానికి వచ్చి కడతాను. తేడా వచ్చేలా ఉంటే రెండు రోజుల ముందే ఫోన్ చేస్తాను.'

కింద సంతకం, దుకాణం పేరు, ఫోన్ నంబరు. అంతే.

పాత బాకీ ఊసెత్తకపోతే సేటుకి గుర్తుండదనేది ఇంకో భ్రమ. చీటీ రాగానే మేం తీసేది మీ ఖాతా పేజీయే. మీరే ముందు చెబితే ఆ అంకె మిమ్మల్ని కాపాడుతుంది.

'సంతకం పెట్టి రాసిస్తే కోర్టుకీడుస్తారు' అని భయపడేవాళ్లూ ఉన్నారు. బిల్లు మీదా, సరుకు దింపుకున్న చలానా మీదా మీ సంతకం ఎప్పుడో పడింది కదా! దావా వేయాలనుకునేవాడికి అవి చాలు. చీటీలో గడువు రాసి, దానికి సేటు ఒప్పుకుని సరుకిచ్చాడంటే అది మీకూ ఆధారమే. జనవరి 5న ఎవరైనా వచ్చి మొత్తం కట్టమంటే చూపించుకోవచ్చు. సేటు 'సరే' అని రాసిన చీటీని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

అసలు భయపడాల్సింది ఖాళీ చెక్కుకి. అడిగితే తారీఖు, మొత్తం మీరే నింపి ఇవ్వండి. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. ఇంగ్లీషులో రాయాలా, స్టాంపు పేపరు కావాలా అని అడుగుతుంటారు. ఈ రెండూ అక్కర్లేదు. మా దగ్గర చాలా చీటీలు లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితాలే.

ఆ ఏడు జనవరి 12న 35 వేలు వచ్చాయి. ఫిబ్రవరి 8న ఫోన్ చేసి, ఒక ఖాతావాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు, 3 వేలు తగ్గుతాయి, 20న ఇస్తానన్నాడు. నేను పద్దులో తారీఖు మార్చి రాసుకున్నాను. సేటు తలెత్తి కూడా చూడలేదు.