ఎరువుల లైసెన్సు రెన్యువల్ దరఖాస్తు: అపోహలు, వాస్తవాలు

ఎరువుల దుకాణాలవాళ్ల రెన్యువల్ ఫైళ్లు తయారుచేసి పెట్టడం నా పని. ఏటా మార్చి, ఏప్రిల్‌లో వినిపించే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: గడువు దాటినా నెల రోజులు టైముంది, తొందరేం లేదు.

వాస్తవం: నెల ఉన్నమాట నిజమే. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 11వ క్లాజు ప్రకారం గడువు ముగిశాక నెలలోపు, అదనపు ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలా పెడితే, ఆఫీసు ఉత్తర్వు ఇచ్చేదాకా లైసెన్సు చెల్లుతున్నట్టే లెక్క. ఆ నెలా దాటిందంటే మాత్రం లైసెన్సు నెల చివర్న కాదు, గడువు తీరిన రోజునే రద్దయినట్టు. అంటే మధ్యలో అమ్మిన ప్రతి బస్తా లైసెన్సు లేకుండా అమ్మినదే. బిల్లు పుస్తకంలో తేదీలు ఎలాగూ ఉంటాయి.

అపోహ: ఆలస్యానికి కారణం గుండె కరిగేలా రాయాలి.

వాస్తవం: "అనారోగ్య కారణముల వలన" అన్న వాక్యం ఆఫీసు సెక్షన్‌లో రోజూ చదువుతారు. వాళ్లు చూసేది తేదీలు, వాటికి ఆధారం. మొన్న ఒక దుకాణదారుకి మార్చి 31తో గడువు తీరింది. హోల్‌సేలర్ ఇవ్వాల్సిన ఫారం-ఓ, అంటే సరుకు ఎక్కడినుంచి వస్తుందో చెప్పే సర్టిఫికెట్, ఏప్రిల్ 12న గానీ చేతికి రాలేదు. ఆయన రాసుకొచ్చిన రెండు పేజీలు పక్కన పెట్టి ఇంతే రాశాం:

"విషయం: ఎరువుల విక్రయ లైసెన్సు రెన్యువల్ గురించి.
అయ్యా, నా లైసెన్సు గడువు మార్చి 31న ముగిసినది. ఫారం-ఓ కోసం మార్చి 10న హోల్‌సేలరుకు రాసితిని. అది ఏప్రిల్ 12న అందినది. అందువలన నేడు, ఏప్రిల్ 18న, 18 రోజులు ఆలస్యముగా, నెల గడువులోపు, అదనపు రుసుముతో ఈ దరఖాస్తు సమర్పించుచున్నాను.
జతపరచినవి: 1. ఫారం-ఏ1 దరఖాస్తు, రెండు ప్రతులు. 2. ఫారం-ఓ. 3. రెన్యువల్, అదనపు రుసుముల చలానాలు. 4. పాత లైసెన్సు నకలు. 5. మార్చి 10 నాటి నా లేఖ నకలు."

ఐదోది లేకపోతే పై మాటలకు బలం లేదు. ఉత్తరాలు, మెసేజ్‌లు దాచుకోమని మొత్తుకునేది అందుకే.

అపోహ: కాగితాలు ఎన్ని పెడితే అంత మంచిది.

వాస్తవం: జాబితాలో రాసినవే, రాసిన వరుసలోనే పెట్టండి. జాబితాలో ఉండి ఫైల్లో లేని ఒక్క కాగితం చాలు, ఫైలు వెనక్కి రావడానికి. ఒకసారి చలానా ఫోటోకాపీలో తేదీ పడలేదని నేనే తిరిగొచ్చాను. ఇచ్చాక రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. నెలలోపే పెట్టారనడానికి మీ చేతిలో ఉండే రుజువు అదే.